పప్పు డబ్బా చెప్పే లెక్క: నలుగురున్న ఇంటికి వారానికి ఎంత ప్రోటీన్, ఎన్ని రూపాయలు

గోదావరి డెల్టాలో చాలా ఇళ్ళకు వారం సరుకులంటే శనివారం సాయంత్రం రాసుకునే చీటీయే. వారం కూలి చేతికొస్తుంది, కిరాణా కొట్లో పాత ఖాతా కొంత తీరుతుంది, మిగిలిన డబ్బుల్లోంచి పప్పులు, నూనె, చింతపండు వస్తాయి. ఆదివారం పొద్దున్నే చికెన్ కొట్టు దగ్గర నిలబడటం మామూలే. ఆ చీటీలో ప్రోటీన్ అన్న మాట ఎక్కడా ఉండదు. పిల్ల నీరసంగా ఉంటోందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "కాస్త ప్రోటీన్ పెట్టండమ్మా" అని ఆయన అన్నప్పుడే ఆ మాట ఇంట్లోకి వస్తుంది. దాంతో చీటీలో రెండు వస్తువులు కొత్తగా చేరతాయి. ఒకటి చికెన్ ఇంకాస్త, రెండోది పాలల్లో కలిపే పొడి డబ్బా. రెండూ ఖరీదైనవే. లోటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే అది ఉన్నది ఆదివారం కూరలో కాదు, మిగతా ఆరు రోజుల టిఫిన్లోనూ పప్పులోనూ.

లెక్కకు ఒక ఇల్లు కావాలి కాబట్టి రావులపాలెం, మండపేట మధ్య ఏదో ఒక ఊళ్ళో నలుగురున్న కుటుంబం అనుకుందాం. తండ్రి రైస్ మిల్లులో పనిచేస్తాడు, బరువు 62 కిలోలు. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది, 54 కిలోలు. పదమూడేళ్ళ అమ్మాయి 44 కిలోలు, తొమ్మిదేళ్ళ అబ్బాయి 26 కిలోలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. అయితే అది మంచి నాణ్యత ఉన్న ప్రోటీన్ తినేవాళ్ళ సంగతి. మూడు పూటలా అన్నమే ప్రధానమైన చోట కిలో బరువుకు ఒక గ్రాము అనుకోవడం మేలు. ఎదిగే పిల్లలకు దానికి ఇంకొంచెం కలపాలి. ఈ నలుగురి బరువూ కలిపితే 186 కిలోలు. కాస్త కలుపుకుని రోజుకు 190 గ్రాములు అనుకుంటే వారానికి 1,330 గ్రాములవుతుంది. ఇక్కణ్ణుంచి లెక్కంతా వారానికే. రోజువారీ లెక్క పెట్టుకుంటే ఎవరికైనా మూడో రోజుకే విసుగొస్తుంది.

ముందుగా బియ్యం. ఈ ఇంట్లో మధ్యాహ్నం, రాత్రి అన్నానికీ, టిఫిన్లలోకి వేసే బియ్యానికీ, ఇడ్లీ రవ్వకూ కలిపి వారానికి 8 కిలోలు ఖర్చవుతాయి. పాలిష్ పట్టిన బియ్యంలో నూరు గ్రాములకు 7 గ్రాముల చొప్పున పట్టుకున్నా 560 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. కావలసిన దాంట్లో నూటికి నలభై పైనే అన్నమే ఇస్తోందన్నమాట. "అన్నంలో ఏముంది, అంతా పిండే" అనేవాళ్ళకు ఈ అంకె నచ్చకపోవచ్చు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం ఉచితంగా వస్తున్న ఇంట్లో ఈ ప్రోటీన్ సగానికి పైగా పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. రేషన్ బియ్యం అమ్మేసి సన్నబియ్యం కొనే ఇళ్ళలో మాత్రం ఆ తేడా డబ్బులు పప్పు డబ్బాలోంచే పోతున్నాయి.

అన్నం ప్రోటీన్‌కు ఒక లోపం ఉంది. అందులో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. శరీరం కండను కట్టాలంటే అన్ని అమైనో ఆమ్లాలూ ఒక పాళ్ళలో కావాలి. ఒకటి తక్కువైతే మిగతావి ఎంతున్నా అంతమేరకే పనికొస్తాయి, మిగిలినవి ఇంధనంగా ఖర్చయిపోతాయి. కంది, మినుము, పెసర, శనగలన్నిటిలోనూ లైసిన్ దండిగా ఉంటుంది. వాటిలో తక్కువైన మిథియోనిన్ అన్నంలో ఉంటుంది. పప్పన్నం ఒకదానికొకటి ఇలా సరిపోతుంది. అయితే సరిపోవాలంటే పప్పు కూడా తగినంత ఉండాలి. బియ్యం మూడు వంతులైతే పప్పుధాన్యాలు ఒక వంతు అన్నది మంచి పాళ్ళు. 8 కిలోల బియ్యం వండే ఇంట్లో వారానికి అరకిలో కందిపప్పుతో సరిపెడితే ఆ పాళ్ళకు చాలా దూరంలో ఉన్నట్టే. పాళ్ళు అంతదాకా వెళ్ళకపోయినా, గుడ్డు, పాలు, చేప లైసిన్ లోటును కొంత పూడుస్తాయి.

అన్నం పోగా ఈ ఇంటికి వారానికి ఇంకా 770 గ్రాములు కావాలి. అసలు పని దీన్ని పూడ్చడమే.

పది గ్రాముల ధర

ఏ వస్తువు చవకో కిలో ధర చూసి చెప్పలేం. వాటి మధ్య పోలిక కుదరాలంటే పది గ్రాముల ప్రోటీన్‌కు ఎన్ని రూపాయలవుతోందో చూడాలి. కిలో ధరను ఆ కిలోలో ఉన్న ప్రోటీన్ గ్రాములతో భాగించి పదితో గుణిస్తే చాలు. ఇక్కడ వాడిన ధరలు ఉదాహరణకు పట్టుకున్నవి. ఎవరి బజారు ధర వాళ్ళు వేసుకోవాలి. ధరలు మారినా వస్తువుల వరస పెద్దగా మారదు.

కందిపప్పు కిలో 130 రూపాయలనుకుంటే అందులో 220 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పది గ్రాములకు ఆరు రూపాయల లోపే పడుతుంది. మినప్పప్పు, పెసలు, వేరుశనగ గుళ్ళు అన్నీ అయిదారు రూపాయల మధ్యే తేలతాయి. శనగలు ఇంకా చవక, నాలుగున్నర రూపాయలు. కాస్త ఆశ్చర్యం కలిగించేది మీల్ మేకర్. దాని బరువులో సగం ప్రోటీనే కాబట్టి కిలో 140 పెట్టి కొన్నా పది గ్రాములకు మూడు రూపాయలు దాటదు. గుడ్డు ఆరున్నర అయితే అందులో ఆరు గ్రాములు ఉంటాయి, అంటే పది గ్రాములకు పదకొండు రూపాయలు.

చికెన్ దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. కిలోకు రెండువందల గ్రాముల ప్రోటీన్ అని ఎక్కడో చదివి అలాగే వేసుకుంటారు. అది ఎముక లేని మాంసానికి. కొట్టువాడు తూచి ఇచ్చిన కిలోలో ఎముకలు పోగా నోట్లోకి వెళ్ళేది 650 గ్రాముల చుట్టూ ఉంటుంది, ప్రోటీన్ 130 గ్రాములు. కిలో 240 అయితే పది గ్రాములకు పద్దెనిమిది రూపాయలు దాటుతుంది. చెరువు చేపల్లో కట్ల, శీలావతి లాంటివి కిలో 180 పెట్టి కొంటే పొలుసు, పేగులు, రెక్కలు పోగా ఇంచుమించు అదే ధరకు వస్తాయి. తలకాయ పులుసు పెట్టుకునే ఇంట్లో కొంచెం మేలు. పులస జోలికి ఈ లెక్క పోదు. పుస్తెలమ్మైనా తినమన్న సామెత ఉన్న చేపను బడ్జెట్ పద్దులో రాయలేం.

ప్యాకెట్ పాలు లీటరు 60 అయితే పది గ్రాములకు పంతొమ్మిది రూపాయల దాకా పడతాయి, అంటే చికెన్ కంటే ఖరీదు. కానీ పాలు తగ్గించమనడం తప్పు సలహా. ఈ ఇంట్లో పిల్లల ఎముకలకు కావలసిన కాల్షియంలో పెద్ద భాగం పాలూ పెరుగుల్లోంచే వస్తుంది. బి12 కూడా పప్పుల్లో దొరకదు. కాబట్టి పాలు ప్రోటీన్ కోసం పెంచక్కర్లేదు, వాటి పని కోసం ఉంచాలి.

పాలల్లో కలిపే పొడి సంగతి డబ్బా తిప్పి వెనక చదివితే తెలుస్తుంది. పిల్లల మాల్ట్ పొడులు చాలావాటిలో నూరు గ్రాములకు ప్రోటీన్ పది గ్రాముల చుట్టూ ఉంటుంది. అంటే ఇంచుమించు గోధుమపిండి పాటి. దానికి పెట్టే డబ్బుతో పోలిస్తే పది గ్రాములకు నలభై రూపాయలు పైనే.

పాత చీటీ, కొత్త చీటీ

ఇప్పుడు ఆ ఇంటి పాత చీటీ చూద్దాం. వారానికి కందిపప్పు 400 గ్రాములు, మినప్పప్పు 400 గ్రాములు, ఆదివారం కిలో చికెన్, గుడ్లు ఆరు, రోజుకు అరలీటరు పాలు, మాల్ట్ పొడి ఇంచుమించు 200 గ్రాములు, పిల్లలకు సాయంత్రం బిస్కెట్లు, మిక్చరు ఓ 70 రూపాయలవి. అన్నీ కలిపి 750 రూపాయల దాకా అయింది. ప్రోటీన్ మాత్రం 500 గ్రాములే వచ్చింది. కావలసింది 770. వారానికి 270 గ్రాముల లోటు ఉంది. ఇందులో చిత్రమేమిటంటే, చికెన్, పొడి, చిరుతిళ్ళు కలిపి 400 రూపాయలు తిన్నాయి. వాటి నుంచి వచ్చింది 170 గ్రాములు.

కొత్త చీటీలో చికెన్ అరకిలోకు దిగింది. పొడి, బిస్కెట్లు పోయాయి. పాలు అలాగే ఉన్నాయి. కందిపప్పు 750 గ్రాములైంది, మినప్పప్పు అరకిలో. పెసలు, శనగలు, వేరుశనగ గుళ్ళు మూడూ తలా 300 గ్రాములు చేరాయి. గుడ్లు పదహారు, మీల్ మేకర్ నూరు గ్రాములు. పైన చెప్పిన ధరలతోనే కూడితే ఖర్చు 710 రూపాయల దగ్గర ఆగుతుంది, ప్రోటీన్ 800 గ్రాములు. అన్నంతో కలిపి 1,360. కాస్త పారబోసినా, ఒక పూట బంధువులొచ్చినా తట్టుకునేంత మిగులు ఉంది.

చీటీ రాయడం తేలికే. ఆ సరుకు వారంలో ఎలా పొయ్యి మీదికి ఎక్కుతుందన్నదే చూడాలి. బుధవారం తీసుకుందాం, మాంసం లేని రోజు. పొద్దున పెసరట్టు. ముందు రాత్రి 150 గ్రాముల పెసలు గుప్పెడు బియ్యంతో నానబోస్తే ఆరు అట్లు వస్తాయి, పెద్దవాళ్ళకు రెండేసి, పిల్లలకు ఒక్కొక్కటి. పెసల వాటా 35 గ్రాములు. పక్కన వేరుశనగ గుళ్ళ పచ్చడికి 40 గ్రాముల గుళ్ళు పడితే ఇంకో పది. మధ్యాహ్నం, రాత్రి పాలకూరో తోటకూరో వేసిన పప్పు, కందిపప్పు 125 గ్రాములు, దాన్నుంచి 27. రాత్రి తలా ఒక గుడ్డు, 24. అరలీటరు పాలు, కొంత తాగడానికి, కొంత తోడుకి, 16. ఆ రోజు బియ్యం నుంచి 80. మొత్తం 192 గ్రాములు. చికెన్ ముక్క లేకుండానే 190 దాటింది.

ఇదే బుధవారం పొద్దున పెసరట్టు బదులు బొంబాయి రవ్వ ఉప్మా చేశారనుకుందాం. నలుగురికీ 240 గ్రాముల రవ్వ పడుతుంది. దాన్నుంచి కూడా పాతిక గ్రాముల దాకా వస్తుంది. అంకెలో తేడా పది గ్రాములే అనిపిస్తుంది. కానీ ఉప్మా ప్రోటీన్‌లో కూడా అన్నానికున్న లోపమే ఉంది, లైసిన్ తక్కువ. కాబట్టి అది పొద్దున అన్నం తిన్నట్టే, పెసరట్టు పప్పు తిన్నట్టు.

టిఫిన్ దగ్గరే డెల్టాకు ఒక అనుకూలత ఉంది. ఇక్కడ ఇడ్లీ, దోసె, దిబ్బరొట్టె అన్నీ మినప్పప్పు మీద నడుస్తాయి. సార్వా కోతకు ముందు తడి ఆరని చేలో మినుములు, పెసలు చల్లే అలవాటు ఉన్న ప్రాంతం కాబట్టి ఏటా కొన్ని ఊళ్ళలో పొట్టు మినుములు రైతు దగ్గరే దొరుకుతాయి. ఈ అనుకూలత పాళ్ళలో పోతుంది. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ వేసే ఇల్లు, పప్పు ధర పెరిగిన నెలలో మూడు గ్లాసులు వేస్తుంది. ఇడ్లీ కాస్త గట్టిగా వస్తుంది, ఎవరూ గమనించరు. ఇడ్లీలో మినప్పప్పు వంతు మాత్రం మూడింట ఒకటి నుంచి నాలుగింట ఒకటికి పడిపోయింది. అదే విధంగా పచ్చడి. కోనసీమలో కొబ్బరికాయకు కొదవ లేదు కాబట్టి రోజూ కొబ్బరి పచ్చడే నడుస్తుంది. పచ్చికొబ్బరిలో నూరు గ్రాములకు ప్రోటీన్ నాలుగు గ్రాములే, వేరుశనగ గుళ్ళలో ఇరవై మూడు పైనే. కొబ్బరి మానేయక్కర్లేదు, సగం కొబ్బరి సగం గుళ్ళు వేసి రుబ్బితే రుచికి రుచి, లెక్కకు లెక్క.

సాయంత్రం బిస్కెట్ల స్థానంలోకి శనగల గుగ్గిళ్ళు వచ్చాయి. వారంలో రెండు సాయంత్రాలు 150 గ్రాముల చొప్పున నానబెట్టి ఉడికించి తాలింపు పెడితే నలుగురికీ సరిపోతాయి, 28 గ్రాములు. శ్రావణమాసంలో పేరంటాలకు వెళ్ళొచ్చిన ఇళ్ళలో నానబెట్టిన శనగలు వాయినాల్లో వచ్చి పడతాయి. సగం ఇళ్ళలో అవి మొలకలొచ్చి, వాసనొచ్చి పశువుల కుడితిలోకి పోతాయి. ఆ నెల చీటీలో శనగలు రాయక్కర్లేదు, వచ్చిన రోజే ఉడికించుకుంటే చాలు.

పప్పుచారు దగ్గర పోయేది

సరుకు కొనడం ఒకటి, అది అందరి పళ్ళెంలోకీ చేరడం ఇంకొకటి. 100 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు చేస్తే మూడు రెట్లు అవుతుంది, ఒక గరిటెలో ఆరేడు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అదే పప్పుతో లీటరు పప్పుచారు కాస్తే గరిటెలో రెండు గ్రాములు మిగులుతుంది. రెండూ పప్పే, రెండూ "ఇవాళ పప్పు తిన్నాం" అనిపిస్తాయి. వారంలో నాలుగు రోజులు పప్పుచారు పెట్టే ఇంట్లో కందిపప్పు 750 గ్రాములు ఎప్పటికీ ఖర్చు కాదు, సగం డబ్బాలోనే ఉంటుంది.

పైగా గిన్నెలో పప్పు అడుగుకు దిగుతుంది, పైన నీళ్ళు తేలతాయి. ముందు తినేవాళ్ళకు తిప్పి అడుగు నుంచి వడ్డిస్తారు. ఆఖర్న కూర్చునే ఇల్లాలికి మిగిలేది పైన తేరుకున్న చారు, కూరలో రెండు ఆలుగడ్డ ముక్కలు, మజ్జిగ. ఇంటి మొత్తానికి 1,360 గ్రాములు వచ్చినా ఆమెకు రోజుకు 54 గ్రాములు అందుతోందా అంటే అనుమానమే. అమ్మాయి విషయమూ అంతే, పదమూడేళ్ళ వయసులో ఆమెకు కావలసింది దాదాపు తల్లికి కావలసినంత. తొమ్మిదేళ్ళ తమ్ముడికి దాంట్లో సగం పైచిలుకు చాలు. వడ్డన మాత్రం చాలా ఇళ్ళలో ఇందుకు తలకిందులుగా జరుగుతుంది. దీనికి తూకాలక్కర్లేదు. పప్పు దింపగానే ఇల్లాలి వంతు రెండు గరిటెలు ముందే గిన్నెలోకి తీసి మూత పెట్టాలి. గుడ్లయితే లెక్క సులువు, మనిషికొకటి అంటే ఎవరి వంతు ఎవరూ తినలేరు. చికెన్ తగ్గించి గుడ్లు పెంచడానికి ధర ఒక కారణమైతే ఇది రెండో కారణం.

గుడ్ల విషయంలో డెల్టా మంచి చోటే. అనపర్తి, తణుకు పక్కల కోళ్ళఫారాలు ఎక్కువ, తూర్పు, పశ్చిమ గోదావరి గుడ్ల ధర రోజూ విడిగా ప్రకటిస్తారు. ఆ ధర వందకు, అదీ ఫారం దగ్గర. కొట్లో ఒక్కొక్కటిగా కొనడం కంటే ముప్పై గుడ్ల అట్ట కొని పక్కింటితో పంచుకుంటే ఒక్కో గుడ్డుకు ఎంతోకొంత తగ్గుతుంది, పదహారు మనకు, పద్నాలుగు వాళ్ళకు. పగిలిన గుడ్లు చవకగా ఇస్తారు. అవి ఆ రోజే బాగా ఉడికించి తినేట్టయితేనే కొనాలి, ఎండాకాలంలో అసలు వద్దు. కోతలయ్యాక చేలల్లో మేపే బాతుల గుడ్లు దొరికితే అవి కోడిగుడ్డు కంటే పెద్దవి, ప్రోటీన్ కూడా ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది. వాటినీ పూర్తిగా ఉడికించాలి.

పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్తుంటే మధ్యాహ్న భోజనంలో వారంలో ఎక్కువ రోజులు గుడ్డు ఉంటుంది. ఇద్దరికీ నాలుగు రోజులు లెక్కేసినా ఎనిమిది గుడ్లు, 48 గ్రాములు, ఇంటి ఖర్చు లేకుండా. చీటీలో పదహారు గుడ్ల బదులు ఎనిమిది రాస్తే యాభై రూపాయలు మిగులుతాయి. ఇక్కడ జరిగే పొరపాటు వేసవి సెలవుల్లో. బడి మూస్తారు, చీటీ మాత్రం ఎనిమిది గుడ్ల దగ్గరే ఉండిపోతుంది. నెలన్నర పాటు వారానికి 48 గ్రాములు ఎవరికీ తెలియకుండా పోతాయి. కార్తీకమాసంలో దీనికి తిరుగుడు, చికెన్, గుడ్లు రెండూ మానే ఇళ్ళలో 160 గ్రాములు ఒక్కసారిగా పోతాయి. దాన్ని మీల్ మేకర్ ఇంకో 150 గ్రాములు, శనగలు ఇంకో 450 గ్రాములతో పూడ్చవచ్చు. ఖర్చు 60 రూపాయలు, మానేసిన వాటి మీద మిగిలేది 224. ఆ మిగులులోంచి పాలు కాస్త పెంచుకుంటే బి12 సంగతి కూడా చూసుకున్నట్టవుతుంది.

మీల్ మేకర్‌కు పిల్లలు మొహం చిట్లిస్తారు, అది నిజం. వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, పిండి, మళ్ళీ చన్నీళ్ళలో కడిగి పిండితే ఆ పచ్చివాసన పోతుంది. ముక్కలుగా కాకుండా మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ఉల్లిపాయ, మసాలాతో ఖీమాలా వేయిస్తే సగం యుద్ధం గెలిచినట్టే. ఒక పూట నలుగురికీ 50 గ్రాములు చాలు, అది నానితే గిన్నెడు అవుతుంది.

తేడా ఎక్కడొస్తుంది

మొదటి వారంలోనే ఈ చీటీని పూర్తిగా అమలు చేసిన ఇళ్ళలో వినిపించే మాట గ్యాస్. కడుపుబ్బరం, మధ్యాహ్నం మంటగా ఉండటం. పప్పులు ఒక్కసారి రెండింతలైతే పేగులకు అలవాటు పడటానికి టైం కావాలి. మొదటి వారం శనగలు వదిలేసి కంది, పెసర మాత్రమే పెంచి, మూడో వారానికి పూర్తి చీటీకి రావడం మేలు. శనగలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికించాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకు ఈ లెక్క వర్తించదు. వాళ్ళ ప్రోటీన్ ఎంతన్నది చూసే డాక్టరే చెప్పాలి.

రెండో తేడా డెల్టా తేమ నుంచి వస్తుంది. వానాకాలంలో నెల సరుకు ఒకేసారి కొంటే పెసలకూ శనగలకూ పురుగు పడుతుంది. గింజకు గుండ్రటి చిల్లి, డబ్బా అడుగున పిండి లాంటి పొడి కనిపిస్తే లోపల సగం పోయినట్టే. ఆ రోజుల్లో పప్పులు వారానికి సరిపడా కొనడమే మంచిది. ఎండాకాలంలో మాత్రం నెలకోసారి కిలోల్లో కొని వారం డబ్బాల్లోకి పంచుకుంటే కలిసొస్తుంది. నూరు గ్రాముల పొట్లాల్లో కొంటే ఎప్పుడైనా నష్టమే. వేరుశనగ గుళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ముడతపడినవి, నల్లబడినవి, బూజు పట్టినవి, కొరికితే చేదుగా ఉన్నవి వేయించి వాడుకుందాం అనుకోకూడదు. ఆ బూజు విషం లివర్‌కు చెరుపు, వేయించినా పూర్తిగా పోదు.

మూడో తేడా మితిమీరిన ఉత్సాహంతో వచ్చేది. ప్రోటీన్ పెంచాం కదా అని అన్నం బాగా తగ్గించేసే ఇళ్ళున్నాయి. ఒంటికి కావలసిన శక్తి అన్నం, నూనెల నుంచి అందకపోతే శరీరం పప్పులో ప్రోటీన్‌నే కాల్చి ఆ పని కానిచ్చుకుంటుంది. మిల్లులో బస్తాలు మోసే మనిషికి, ఎదిగే పిల్లకు ఇది అసలు కుదరని బేరం. ఈ లెక్కలో 8 కిలోల బియ్యం 560 గ్రాముల ప్రోటీన్ కూడా ఇస్తోందని మర్చిపోతే లోటు ఇంకో వైపు నుంచి తెరుచుకుంటుంది.

చీటీ అమలవుతోందో లేదో తెలుసుకోవడానికి రోజూ రాసుకోవాల్సిన పని లేదు. ఆదివారం రాత్రి అయిదు డబ్బాల్లో వారానికి సరిపడా కంది, మినప, పెసలు, శనగలు, గుళ్ళు తూచి పోయాలి. ఇంట్లో కాటా లేకపోతే కిరాణా కొట్లో ఒక్కసారి ఇంటి గ్లాసుతో తూయించుకుంటే గ్లాసుకు ఎంత పడుతుందో తెలిసిపోతుంది. మళ్ళీ ఆదివారానికి డబ్బా ఖాళీ అయితే వారం నడిచినట్టు. కందిపప్పు మిగిలితే పప్పుచారు ఎక్కువైందని అర్థం. పెసలు మిగిలితే ముందు రాత్రి నానబెట్టడం మర్చిపోయి పొద్దున ఉప్మాలోకి దిగారని. శనగలు మిగిలితే సాయంత్రం పిల్లాడి చేతికి పది రూపాయలిచ్చి కొట్టుకు పంపారని. అయిదింటిలో ఎప్పుడూ ముందుగా ఖాళీ అయ్యేది వేరుశనగ గుళ్ళ డబ్బా. అది గురువారానికే ఖాళీ అయితే లెక్క బాగా నడుస్తోందని కాదు, దారిన పోతూ ఎవరో గుప్పెడేసి నోట్లో వేసుకుంటున్నారని. సాధారణంగా ఆ చెయ్యి తొమ్మిదేళ్ళవాడిది. అలాంటప్పుడు డబ్బాను పై అరలోకి మార్చడం కంటే వచ్చే వారం ఇంకో నూరు గ్రాములు ఎక్కువ పోయడమే నయం. దానికి పదమూడు రూపాయలు అవుతుంది.